తక్కువ వడ్డీ కట్టే అప్పు చౌక అప్పేనా?

ప్రొద్దుటూరులో బంగారు దుకాణాల వీధికి ఆనుకుని ఉన్న సందులో ఒకావిడ చీరల దుకాణం నడుపుతుంది. నేను బ్యాంకులో బంగారం అప్పుల కౌంటర్ దగ్గర చాలా ఏళ్లు కూర్చుని రిటైరైనవాణ్ని కాబట్టి, మా వైపు ఎవరికి అప్పు కాగితం అర్థం కాకపోయినా అది మా అరుగు మీదికే వస్తుంది. ఆగస్టు చివరి వారంలో ఆమె రెండు కాగితాలు పట్టుకొచ్చింది. దసరాకు సరుకు దింపుకోవాలి, 2 లక్షలు కావాలి. మొదటి కాగితం బంగారం కుదువ మీద ఇచ్చే అప్పుది. ఏడాదికి 12 శాతం, వడ్డీ నెలనెలా కట్టాలి, అసలు మొత్తం ఏడాది చివర ఒకేసారి తీర్చాలి. రెండోది తాకట్టు లేని వ్యాపార అప్పుది. ఏడాదికి 15 శాతం, నెలకు 18,052 రూపాయల చొప్పున 12 వాయిదాలు.

కాగితాల వెనక ఆమె మరిది పెన్సిలుతో లెక్క వేసి పెట్టాడు. మొదటిదాని మీద 24,000, రెండోదాని మీద 16,624. రెండో అంకె చుట్టూ గట్టిగా సున్నా చుట్టాడు.

"అన్నా, 12 శాతం అప్పుకు వడ్డీ ఎక్కువట, 15 శాతం అప్పుకు తక్కువట. మా మరిది లెక్క తప్పా?" అని అడిగింది.

"కూడికలు సరిగ్గానే ఉన్నాయమ్మా."

"అయితే నగలు ఇంట్లోనే ఉంచుకుని రెండోదే తీసుకుంటాను. ఏడు వేలు మిగులుతాయి కదా?"

మిగలవు. ఎందుకు మిగలవో చెప్పడానికి ఆ సాయంత్రం గంటన్నర పట్టింది. ఇదే చిక్కుతో ఏటా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు కాబట్టి ఆ లెక్కను ఇక్కడ రాస్తున్నాను.

కుర్చీల లెక్క

డబ్బును కాసేపు పక్కన పెట్టి షామియానా దుకాణం సంగతి చూద్దాం. మీరు 200 కుర్చీలు 12 రోజులకు అద్దెకు తెచ్చారు. కుర్చీకి రోజుకు 10 రూపాయలు. చివరి రోజు దాకా 200 కుర్చీలూ మీ ఇంట్లోనే ఉన్నాయి. బిల్లు 24,000. మీ పక్కింటాయన కూడా వేరే దుకాణంలో 200 కుర్చీలే తెచ్చాడు. ఆయనకు అద్దె రోజుకు పన్నెండున్నర. కానీ ఆ దుకాణం వాడు రోజూ సాయంత్రం బండి పంపి పదహారో పదిహేడో కుర్చీలు వెనక్కి తీసుకుపోయాడు. ఆరు రోజులు గడిచేసరికి ఆయన దగ్గర సగం కుర్చీలే మిగిలాయి, ఆఖరి రోజుకు పద్దెనిమిది లోపే. ఆయన బిల్లు 16,624 వచ్చింది.

పక్కింటాయనకు కుర్చీలు చౌకగా దొరికాయని మనం అనుకోం. ఆయన వాడుకున్నవే తక్కువ. రోజులూ కుర్చీలూ గుణిస్తే మీరు 2,400 కుర్చీ రోజులు వాడారు, ఆయన 1,330 వాడాడు. ఒక్కో కుర్చీకి మీరు ఇచ్చింది పది, ఆయన ఇచ్చింది పన్నెండున్నర.

కుర్చీ స్థానంలో వెయ్యి రూపాయలు, రోజు స్థానంలో నెల పెట్టండి. ఆమె తెచ్చిన రెండు కాగితాలూ అవే. కుదువ అప్పులో 2 లక్షలూ పన్నెండు నెలలూ ఆమె దగ్గరే ఉంటాయి. నూటికి నెలకు రూపాయి, అంటే నెలకు 2,000, ఏడాదికి 24,000. వాయిదాల అప్పులో మొదటి నెల వడ్డీ 2,500. కట్టిన 18,052లో అది పోగా మిగిలిన 15,552 అసలులోకి పోతుంది, బాకీ 1,84,448కి దిగుతుంది. రెండో నెల వడ్డీ ఆ దిగిన బాకీ మీదే కాబట్టి 2,306, మూడో నెల 2,109. అలా జారుతూ జారుతూ ఆఖరి నెల వడ్డీ 223 రూపాయలకు వస్తుంది. ఏడాది మొత్తం మీద సగటున ఆమె చేతిలో ఉండేది దాదాపు లక్షా 11 వేలే. 2 లక్షల అప్పు అని పేరు, వాడుకునేది అందులో సగానికి కాస్త ఎక్కువ.

అందుకే 24,000నూ 16,624నూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. అవి రెండు వేర్వేరు పరిమాణాల సరుకుకు కట్టిన బిల్లులు.

జేబులోంచి పోయేది సమానం చేస్తే

మరి పోల్చడం ఎలా? నాకు తెలిసిన దారి ఒకటే. రెండు పద్ధతుల్లోనూ ప్రతి నెలా జేబులోంచి ఒకే మొత్తం తీయాలి. వాయిదాల అప్పుకు ఆమె నెలకు 18,052 కట్టగలిగితే, కుదువ అప్పు తీసుకున్నా ఆ 18,052 ఆమె దగ్గర ఉన్నట్టే. అందులో 2,000 వడ్డీకి పోతుంది. మిగిలిన 16,052ను ఆమె ఏం చేస్తుందన్న దాని మీదే మొత్తం ఖర్చు తేలుతుంది. ఇక్కడ నుంచి లెక్క ఆసక్తిగా ఉంటుంది.

ఆ 16,052ను ఆమె నెలనెలా గల్లాపెట్టెలో వేసుకుందనుకోండి. ఏడాది తిరిగేసరికి 1,92,624 అవుతుంది. 2 లక్షలు తీర్చడానికి ఇంకా 7,376 కావాలి. మరిది చూపించిన తేడా సరిగ్గా ఇదే. కాబట్టి గల్లాపెట్టె పద్ధతికి అతని లెక్క నూటికి నూరుపాళ్లు నిజం. పెట్టెలో పడుకున్న డబ్బుకు కూడా ఆమె నూటికి రూపాయి వడ్డీ కడుతూ పోయింది మరి.

అదే డబ్బును బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ వేసిందనుకుందాం. ఆరున్నర శాతం వడ్డీ వస్తే ఏడాదికి దాదాపు 5,740 చేరుతుంది. ఇప్పుడు తక్కువ పడేది 1,640 రూపాయల లోపే. అయినా ఇది కూడా వాయిదాల అప్పు కంటే ఖరీదే. పన్నెండుకు తెచ్చి ఆరున్నరకు ఇవ్వడంలో ఎవరికి లాభమో చెప్పనక్కర్లేదు. కౌంటర్ దగ్గర నేను ఇది చాలాసార్లు చూశాను. ఒక కిటికీలో కుదువ అప్పు, పక్క కిటికీలో అదే మనిషి పేరు మీద డిపాజిట్. అడిగితే, డిపాజిట్ పిల్లల పేరున ఉంది సార్, దాన్ని ముట్టుకోకూడదు అనేవారు. ఆ మాటకు విలువ ఉంది, కాకపోతే ఆ విలువకు ఏటా ఎంత కడుతున్నారో వాళ్లకు తెలిసేది కాదు.

మూడో దారిని మరిది లెక్కలోకి తీసుకోలేదు. ఆ 16,052ను నెలనెలా కుదువ అప్పులోనే అసలు కింద జమ కట్టేయడం. చాలా సంస్థల బంగారం అప్పుల్లో గడువుకు ముందు అసలు కొంత కొంతగా తీర్చుకోవచ్చు, దానికి జరిమానా ఉండదు. అసలు చివర కట్టాలి అని కాగితంలో ఉండేది ఆఖరి గడువు మాత్రమే, అంతకు ముందు కట్టకూడదని కాదు. ఇలా కడితే కుదువ అప్పు దానంతటదే వాయిదాల అప్పుగా మారిపోతుంది, కానీ 15 శాతానికి బదులు 12 శాతానికి. లెక్క వేస్తే పదకొండు నెలలు 18,052 చొప్పున, పన్నెండో నెల 14,473 కడితే అప్పు తీరిపోతుంది. మొత్తం వడ్డీ 13,045. మరిది సున్నా చుట్టిన అంకె కంటే 3,579 తక్కువ.

ఒకే అప్పు, ఒకే రేటు, నెలకు చేతిలోంచి పోయేదీ ఒకటే. అయినా మిగిలిన డబ్బు పడుకునే చోటును బట్టి ఖర్చు 24,000 కావచ్చు, 18,262 కావచ్చు, 13,045 కావచ్చు. వాయిదాల అప్పు 16,624 దగ్గర స్థిరంగా కూర్చుంటుంది, ఎందుకంటే అందులో మన ఇష్టానికి చోటు లేదు.

ఇంకొక సందేహం ఆమెకే వచ్చింది. "ఆ పదహారు వేలతో మళ్లీ చీరలు తెస్తే?" అంది. మంచి ప్రశ్న. తెచ్చిన సరుకు మీద ఖర్చులన్నీ పోగా ఏడాదికి 12 శాతం కంటే ఎక్కువ మిగిలితే, అసలు కట్టకుండా ఆ డబ్బును వ్యాపారంలో తిప్పడమే మేలు. కానీ ఇక్కడ వ్యాపారులు ఒక పొరపాటు చేస్తారు. చీర మీద ముప్పై శాతం లాభం అంటారు. అది అమ్ముడుపోయిన చీర సంగతి. అమ్ముడుపోక అరలో రెండేళ్లు మడత విప్పకుండా ఉన్న చీరకు కూడా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఆమె నవ్వి, తన దుకాణంలో పై అర నిండా అవే అంది.

పండగల వాయిదాలు

ఇంతవరకు నెలకు 18,052 కట్టగలదనే అనుకున్నాం. చీరల వ్యాపారంలో డబ్బు అలా నెలజీతంలా రాదు. సెప్టెంబరు మొదట్లో సరుకు దిగితే ఆ నెల పెట్టుబడే తప్ప రాబడి ఉండదు. దసరా, దీపావళి అమ్మకాల డబ్బు అక్టోబరు చివరికి చేతికి వస్తుంది. తర్వాత సంక్రాంతి, ఆపైన ఉగాది, పెళ్లిళ్లు, చివరకు శ్రావణ మాసం. మధ్య నెలల్లో అద్దె, కరెంటు బిల్లు గడిస్తే అదే చాలు. అలాంటి నెలలో 18,052 ఖాతాలో లేకపోతే వాయిదా వెనక్కి పోతుంది, దానికి బ్యాంకు ఒక రుసుము, అప్పు ఇచ్చిన సంస్థ ఇంకొక రుసుము వేస్తాయి.

అందుకని పండగలను బట్టి ఒక లెక్క వేశాం. సెప్టెంబరు 1న 2 లక్షలు. రెండు నెలలు 2,000 చొప్పున వడ్డీ మాత్రమే. అక్టోబరు చివర వడ్డీతో పాటు అసలులో 60,000 జమ. బాకీ 1,40,000, నెల వడ్డీ 1,400కు దిగుతుంది. అలా మూడు నెలలు. సంక్రాంతి అయ్యాక జనవరి చివర 50,000. ఇప్పుడు బాకీ 90,000, వడ్డీ 900, అది మూడు నెలలు. ఏప్రిల్ చివర పెళ్లిళ్ల డబ్బులోంచి 40,000. మిగిలిన 50,000కు నాలుగు నెలలు 500 చొప్పున వడ్డీ కట్టి, శ్రావణం అమ్మకాలు అయ్యాక ఆగస్టు చివర అసలు కట్టేస్తే అప్పు మూసుకుంటుంది.

వడ్డీ కూడితే 4,000, 4,200, 2,700, 2,000. మొత్తం 12,900. నెలనెలా చెమటోడ్చి సమాన వాయిదాలు కట్టినా అయ్యేది 13,045 కదా, ఇక్కడ నాలుగంటే నాలుగు సార్లు పెద్ద మొత్తం కట్టి దాని కంటే కాస్త తక్కువలోనే బయటపడుతుంది. ఖర్చును తగ్గించింది మొదటి రెండు జమలే. మొదట్లో కట్టిన రూపాయి మిగిలిన నెలలన్నిటి వడ్డీనీ ఆపుతుంది, చివర్లో కట్టిన రూపాయి ఆపేది ఏమీ ఉండదు. అక్టోబరులో కట్టిన 60,000 ఒక్కటే పది నెలల పాటు నెలకు 600 చొప్పున 6,000 మిగిల్చింది.

అనంతపురం వైపు వేరుశనగ రైతుకు ఈ పద్ధతి ఇంకా సూటిగా సరిపోతుంది. జూన్‌లో విత్తనానికి నగ పెట్టి డిసెంబరులో కాయ అమ్మి విడిపించుకుంటే, పన్నెండు నెలల గడువు అని రాసి ఉన్నా వడ్డీ పడేది ఆరు నెలలకే. జీతగాడి సంగతి వేరు. నెలకు ఒకే మొత్తం వచ్చేవాడికి పండగల జమ అనేది ఉండదు. ఖాతాలోంచి తనంతట తానే పోయే వాయిదా అతనికి రక్షణ. చేతిలో ఉంచితే మిగలదని తెలిసినవాడు రేటు కాస్త ఎక్కువైనా వాయిదాల అప్పే తీసుకోవడం తెలివితక్కువ పనేమీ కాదు.

కాగితం మీద కనిపించని ఖర్చు

వాయిదాల అప్పు కాగితంలో కింద చిన్న అక్షరాల్లో ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అని ఉంది. 2 లక్షల మీద 4,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 720. మొత్తం 4,720 ముందే కోసుకుని 1,95,280 ఇస్తారు. వాయిదా మాత్రం 2 లక్షలకే. రెండు శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఆమె ఏడాదంతా సగటున వాడుకునేది లక్షా పది వేల చిల్లర మాత్రమే. ఆ మొత్తం మీద 4,720 అంటే నాలుగు శాతం దాటుతుంది. లెక్క కట్టి చూస్తే 15 శాతం అన్న అప్పు దాదాపు 19.6 శాతానికి వచ్చింది. గడువు ఎంత చిన్నదైతే ఫీజు అంత బరువు.

ఈ లెక్క ఇంట్లో వేసుకోవడం కష్టం, వేసుకోనక్కర్లేదు కూడా. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకూ చిన్న వ్యాపారాలకూ ఇచ్చే వాయిదాల అప్పులన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఫీజులన్నీ కలుపుకున్న వార్షిక రేటు అందులో ఒక్క అంకెగా ఉంటుంది. దాన్ని మనకు అర్థమయ్యే భాషలోనే రాయాలి. రెండు అప్పుల్ని పోల్చేటప్పుడు చూడాల్సింది ఆ అంకెను. మొత్తం వడ్డీ ఎంత అన్న వరుస కూడా అదే కాగితంలో ఉంటుంది, మరిది లెక్క వేసింది దాన్నే.

ఫ్లాట్ రేటు అని ఇంకొకటి ఉంది. 9 శాతం ఫ్లాట్ అంటే 2 లక్షల మీద ఏడాదికి 18,000 కట్టి, మొత్తాన్ని పన్నెండుతో భాగించి 18,167 వాయిదా చేస్తారు. బాకీ తగ్గుతున్నా వడ్డీ తగ్గదు. తగ్గే బాకీ లెక్కలోకి మారిస్తే అది 16 శాతం పైమాటే. 9 అంకెను చూసి కుదువ అప్పు 12 కంటే చౌక అనుకునేవాళ్లకు కొదవ లేదు.

కుదువ అప్పులోనూ ఇలాంటి మెలిక ఉంది. కొన్ని సంస్థలు చెప్పే 12 శాతం నెలలోగా వడ్డీ కట్టినవాళ్లకే. ఆలస్యమైతే రేటు మెట్లెక్కుతుంది. ఉదాహరణకు 90 రోజులకు రేటు 18 అని ఆ పథకంలో ఉందనుకోండి. రెండు నెలలు మరిచిపోయి 90వ రోజున వెళితే, మొదటి రోజు నుంచే 18 శాతం వేసి 8,877 అడుగుతారు. 12 శాతానికి అయితే అది 5,918. మూడు వేల తేడా కేవలం తేదీ తప్పినందుకు. పథకం పేరు పక్కన రిబేటు అన్న మాట కనిపిస్తే, ఎన్ని రోజులకు ఎంత రేటో రాసి ఇమ్మని అడగాలి.

అసలు జమ కట్టేటప్పుడు ఇంకొక జాగ్రత్త. కట్టిన డబ్బు ముందు ఆ రోజు దాకా పడిన వడ్డీకి పోయి, మిగిలింది అసలులోకి పోవాలి. కొన్ని చోట్ల ఎక్కువ కట్టిన డబ్బును ముందస్తు వడ్డీగా పక్కన పెట్టేస్తారు, ముఖ్యంగా ఫోన్లోంచి కట్టినప్పుడు. అప్పుడు బాకీ 2 లక్షల దగ్గరే ఉంటుంది. రసీదులో అసలు బాకీ అన్న గడి చూస్తే తెలిసిపోతుంది. ఆ అంకె దిగకపోతే జమ జరగనట్టే, అక్కడే నిలబడి సరిచేయించుకోవాలి.

తిరగరాత

కుదువ అప్పును నేను ఇంతగా సమర్థిస్తున్నానని మా ఇంట్లోవాళ్లు నన్ను ఆట పట్టిస్తారు, ఎందుకంటే ఆ అప్పు వల్ల జరిగే నష్టాన్ని నా అంత దగ్గరగా చూసినవాళ్లు ఇంట్లో లేరు. అరిగిపోయిన మడతల మీద జిగురు కాగితం అతికించిన రసీదులు కౌంటర్ మీదికి వచ్చేవి. గడువు రోజున వచ్చి, "వడ్డీ కడతాను, తిరగరాయండి" అనేవారు. ఏడాది వడ్డీ కట్టించుకుని, పాత అప్పు మూసి, అదే నగ మీద అదే 2 లక్షలకు కొత్త అప్పు రాస్తాం. సంచీ సీలు మారుతుంది, నగ లాకర్ దాటి బయటికి రాదు.

మూడేళ్లు అలా తిరగరాస్తే కట్టిన వడ్డీ 72,000, బాకీ ఇంకా 2 లక్షలు. అదే 15 శాతం వాయిదాల అప్పును మూడేళ్లకు తీసుకుని ఉంటే నెలకు 6,933 చొప్పున మొత్తం వడ్డీ దాదాపు 49,590తో అప్పు తీరిపోయేది. ఇక్కడ మాత్రం ఎక్కువ రేటు అప్పే మనిషిని తక్కువ ఖర్చుతో బయట పడేస్తుంది, అసలును బలవంతంగా తగ్గిస్తుంది కాబట్టి. మా పెద్దల లెక్క ఒకటుంది, నూటికి రూపాయి వడ్డీ వంద నెలలకు అసలును పుట్టిస్తుందని. ఎనిమిదేళ్ల నాలుగు నెలలు తిరగరాసినవాడు నగ మీద 2 లక్షల వడ్డీ కట్టి, ఇంకో 2 లక్షలు బాకీ ఉంటాడు.

తిరగరాయడం మునుపటంత తేలిక కాకుండా చేస్తూ రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో కొత్త ఆదేశాలు ఇచ్చింది. 2026 ఏప్రిల్ 1 లోగా అన్ని సంస్థలూ వాటిలోకి మారాలని గడువు పెట్టింది. అప్పు మొండి బాకీ కాకుండా ఉంటేనే, బంగారం విలువలో అనుమతించిన వంతు లోపల ఉంటేనే తిరగరాయాలి. వడ్డీ, అసలు రెండూ చివరే కట్టే రకం అప్పయితే, అప్పటి దాకా పడిన వడ్డీ కట్టాకే తిరగరాయాలి. ఈ చివరి రకాన్ని నెలవడ్డీ అప్పుతో కలిపేసుకోకూడదు. నెలనెలా ఏమీ కట్టని అప్పులో వడ్డీ అసలుకు చేరుతూ పోతే 12 శాతానికే ఏడాది చివర 24,000కు బదులు 25,365 అవుతుంది. పైగా కొత్త ఆదేశాల ప్రకారం అలాంటి అప్పులో విలువ వంతును చివర కట్టాల్సిన మొత్తం మీద లెక్కించాలి, అంటే అదే నగకు చేతికి వచ్చేది కాస్త తక్కువ.

నగ కుదువలో ఉన్నంతకాలం దాని మీద ఇంకొక భయం ఉంటుంది. వ్యాపారం దెబ్బతిని కట్టలేకపోతే తాకట్టు లేని అప్పులో ఫోన్ల వేధింపు, కోర్టు, తర్వాత అప్పు పుట్టకపోవడం. కుదువ అప్పులో నోటీసు, తర్వాత వేలం. వేలంలో బాకీ పోగా మిగిలిన డబ్బు వెనక్కి ఇవ్వాలి, కానీ అమ్మమ్మ చేయించిన హారం వెనక్కి రాదు. ఆ భయానికి ఎంత ధర కట్టాలో పెన్సిలుతో తేల్చలేం. 3,579 రూపాయల ఆదా కోసం హారాన్ని పణం పెట్టను అని ఎవరైనా అంటే నేను వాదించను.

రెండు సంచులు

ఆమె మాత్రం కుదువ అప్పే తీసుకుంది. అయితే కౌంటర్ దగ్గర ఒక మాట అడగమని చెప్పి పంపాను. అన్ని నగలూ కలిపి ఒకే అప్పుగా రాయించుకుంటే, 60,000 కట్టినా ఒక్క గాజు కూడా చేతికి రావడం కష్టం. సాధారణంగా బాకీ అంతా తీరితేనే సంచీ విప్పుతారు. అందుకని గాజుల మీద 60,000, హారం మీద 1,40,000, రెండు అప్పులు, రెండు సంచులు. రేటు ఒకటే, వడ్డీ మొత్తం ఒకటే. ఫీజులు అప్పుకు ఇంత అని ఉంటే రెట్టింపు అవుతాయేమో ముందే కనుక్కోవాలి. ఆమెకు నగల మదింపు రుసుము మాత్రం రెండుసార్లు పడింది, చిన్న మొత్తమే. మదింపు చేసేటప్పుడు ఎదురుగా కూర్చుని, రాళ్ల బరువు ఎంత తీసేశారో కాగితం మీద రాయించుకుంది.

అక్టోబరు మొదటి వారంలో ఫోను చేసింది. "అన్నా, సెప్టెంబరు వడ్డీ రెండు రసీదులూ కలిపి 1,973 వచ్చింది. 2,000 అన్నావు కదా, 27 తక్కువ వేశారు. చెప్పాలా, ఊరుకోవాలా?"

వడ్డీ నెల లెక్కన పడదని, రోజుల లెక్కన పడుతుందని, సెప్టెంబరుకు ముప్పై రోజులేనని చెప్పాను. అక్టోబరుకు 2,039 వస్తుందని కూడా చెప్పాను. నమ్మినట్టు లేదు.

నవంబరు మొదటి తేదీన నేరుగా ఇంటికే వచ్చింది. అక్టోబరు 31న గాజుల అప్పు మొత్తం కట్టేసింది. అప్పు తీరాక ఏడు పని దినాల్లోపు నగ ఇవ్వాలి, ఆలస్యం వాళ్ల వైపు నుంచే అయితే రోజుకు 5,000 చొప్పున ఇచ్చుకోవాలని నిబంధన ఉన్నా, ఆమెకు ఆ సాయంత్రమే సంచీ విప్పి ఇచ్చారు. గాజులు చేతికి వేసుకునే వచ్చింది. రసీదులు రెండూ అరుగు మీద పరిచి, 612 మీద, 1,427 మీద వేలు పెట్టి, "మరి ఫిబ్రవరికి ఎంత రావాలి?" అని అడిగింది. అప్పటికి బాకీ 90,000కు దిగుతుందని గుర్తుచేసి, 28 రోజులకు తనే వేసుకోమని పెన్సిలు ఇచ్చాను. కాసేపు గీసి 828 అంది.